3,825 ఏ వరుసలోది?

2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఏ ఎంట్రీని ఎవరు, ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకి మార్చారో అందులో ఉండాలి. దాన్ని ఆపేసే వీలు కూడా ఉండకూడదు. మంచి రూలే. కానీ ఆ లాగ్ కథంతా అంకె పుస్తకాల్లోకి ఎక్కాకే మొదలవుతుంది. ఎక్కకముందు ఆ అంకె ఎక్కడిది? బిల్లు మీద ఏ మూల నుంచి వచ్చింది? ఇది ఆ లాగ్‌కి తెలియదు, దాన్ని అడిగేవాళ్లూ లేరు. నా గొడవంతా ఈ ముందు అడుగు గురించే.

నా పని కొనుగోలు బిల్లుల స్కాన్లలోంచి, ఫోన్ ఫొటోల్లోంచి అంకెలు తీసి అకౌంట్స్ వాళ్లకి అందించడం. "ఇ-ఇన్వాయిస్‌లు వచ్చాక ఇంకా ఫొటోలేంటి?" అని అడుగుతుంటారు. ఇ-ఇన్వాయిస్ తప్పనిసరి అయ్యింది ఏడాదికి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకే. వాళ్ల బిల్లుల మీద సంతకం చేసిన క్యూఆర్ కోడ్ ఉంటుంది కాబట్టి ముఖ్యమైన వివరాలు అందులోంచే తీసుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపు, ప్రింటింగ్ ప్రెస్, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు, క్యాంటీన్ కాంట్రాక్టర్ ఇలాంటివాళ్లలో చాలామంది ఆ గీతకి కిందే ఉంటారు. వాళ్ల బిల్లు వర్డ్‌లో టైపు చేసింది కావచ్చు, బిల్లు పుస్తకంలో కార్బన్ పెట్టి రాసింది కావచ్చు. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా అవే.

నేను చెప్పదలచుకున్నది ఇది. బిల్లులోంచి తీసిన ప్రతి విలువ పక్కనా అది అసలు బొమ్మ మీద ఏ పిక్సెళ్ల దగ్గర ఉందో ఉండాలి. ఆ సంగతి చదివేటప్పుడే పుట్టాలి గానీ, తర్వాత వెతికి అతికించకూడదు. మొదటి వాక్యంతో పెద్దగా ఎవరికీ పేచీ లేదు. రెండోదాని దగ్గరే అందరూ జారుకుంటున్నారు. "విలువ ఉంది, బొమ్మ ఉంది, ఆ విలువ బొమ్మలో ఎక్కడుందో వెతికి పసుపు రంగు పూస్తే సరిపోతుందిగా" అంటారు. సరిపోదు. ఎందుకు సరిపోదో ఒక్క బిల్లు చూస్తే చాలు.

ఇది నేను తయారుచేసుకున్న బిల్లే అయినా, ఇలాంటివి మాకు కొత్తేమీ కాదు. తెలంగాణ సప్లయర్, తెలంగాణ కొనుగోలుదారు. రాష్ట్రం లోపలి అమ్మకం కాబట్టి 18 శాతం పన్ను రెండు సమాన భాగాలవుతుంది. సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. సరుకు విలువ 42,500. ఒక్కో పన్ను 3,825. మొత్తం 50,150. సప్లయర్ దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లేదు. పాత వర్డ్ ఫైలు తెరిచి అంకెలు మార్చి ప్రింట్ తీస్తారు. అలా మార్చేటప్పుడు ఎస్‌జీఎస్టీ వరుసలో 3,825 బదులు 3,285 పడింది. మొత్తం మాత్రం 50,150 అని సరిగ్గానే ఉంది, ఎందుకంటే దాన్ని కాలిక్యులేటర్ మీద వేరేగా కట్టారు. తేడా 540. తేడా తొమ్మిదితో భాగం పోతే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడమని పాత గుమాస్తాలు చెప్పేవారు. ఇక్కడ అదే జరిగింది.

ఈ కాగితాన్ని టెసెరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాము, అంటే బొమ్మలోంచి అక్షరాలు చదివే ప్రోగ్రాము, చదివితే ఆ రెండు వరుసల దగ్గర ఇలాంటి అవుట్‌పుట్ వస్తుంది. ఎడమ నుంచి స్థాయి, పేజీ, బ్లాకు, పేరా, వరుస, పదం, ఆ తర్వాత ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు, నమ్మకం, చివరికి చదివిన అక్షరాలు. నమ్మకం అంకెల్లో చుక్క తర్వాతవి తీసేశాను.

```
5 1 9 1 3 1 1480 2232  96 34 95 CGST
5 1 9 1 3 2 1590 2232  52 34 93 9%
5 1 9 1 3 3 2110 2232 168 36 96 3,825.00
5 1 9 1 4 1 1480 2274  96 34 95 SGST
5 1 9 1 4 2 1590 2274  52 34 92 9%
5 1 9 1 4 3 2110 2274 168 36 94 3,285.00
```

చదవడంలో తప్పేమీ లేదు. కాగితం మీద ఉన్నదే వచ్చింది. అసలు కథ దీని తర్వాత మొదలవుతుంది. ప్రతి ఎక్స్‌ట్రాక్షన్ ప్రోగ్రాములోనూ లెక్క సరిచూసే మెట్టు ఒకటి ఉంటుంది. సరుకు విలువ, రెండు పన్నులు కూడితే మొత్తం రావాలి. ఇక్కడ రాలేదు. ఓసీఆర్‌లో 8, 3 లాంటి అంకెలు తారుమారు కావడం మామూలే కాబట్టి, ఒక్క విలువ దగ్గర తేడా వస్తే దాన్ని లెక్కతో సరిదిద్దేయమని ప్రోగ్రాములో రాసి ఉంచుతారు. 50,150 లోంచి 42,500, 3,825 తీసేస్తే 3,825 మిగులుతుంది. ఎస్‌జీఎస్టీ విలువ 3,825 అయిపోయింది. చెక్ పాసయ్యింది. పచ్చ టిక్కు పడింది.

ఇప్పుడు "అడ్రస్" వెతికే మెట్టు వస్తుంది. పేజీలో 3,825.00 ఎక్కడుందో వెతకమంటే ఒక్కచోటే దొరుకుతుంది, సీజీఎస్టీ వరుసలో. ఎస్‌జీఎస్టీ విలువకి ఆ బాక్స్‌నే తగిలిస్తుంది. ఆడిటర్ స్క్రీన్ తెరిచి ఎస్‌జీఎస్టీ మీద నొక్కగానే బిల్లు బొమ్మ వస్తుంది, పసుపు రంగులో 3,825.00 మెరుస్తుంది. చూస్తారు, సరే అనుకుంటారు, తర్వాతి బిల్లుకి వెళ్లిపోతారు. రోజుకి వందలాది బిల్లులు చూసే మనిషి పసుపు పూసిన అంకెను చదువుతాడు గానీ, ఆ వరుస మొదట్లో సి ఉందా ఎస్ ఉందా అని చూడడు. నేనైనా చూడను.

కాగితం మీద 3,285 అని ఉంది. పుస్తకాల్లో 3,825 ఉంది. మధ్యలో "కాగితంతో సరిపోల్చాం" అనే సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం అబద్ధం. డబ్బుగా చూస్తే 540 రూపాయలు పెద్ద సంగతి కాదు, పైగా 3,825 అన్నదే సరైన పన్ను. కానీ రేపు ఏ అధికారో అసలు బిల్లు తెమ్మంటే కాగితం ఒకటి చెబుతుంది, మన రికార్డు ఇంకోటి చెబుతుంది. సప్లయర్‌కి ఫోన్ చేసి బిల్లు సరిచేయించుకోవాల్సిన సంగతి మనకి తెలియకుండానే పోయింది. అసలు లింకే లేకపోతే ఆడిటర్ బిల్లు మొత్తం చదివి ఉండేవాడేమో. తప్పు లింకు ఉండటం వల్ల చదవాల్సిన పని లేదనుకున్నాడు. అందుకే తప్పుడు జాడ కంటే జాడ లేకపోవడమే నయమంటాను.

ఇది ఎప్పుడో ఒకసారి తగిలే వింత కేసు అనుకోవద్దు. రాష్ట్రం లోపలి జీఎస్టీ బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఎప్పుడూ సమానమే. అంటే ఆ అంకె పేజీలో రెండుసార్లు ఉండటమే అక్కడ మామూలు. ఒకే సరుకున్న బిల్లులో రేటు, వరుస మొత్తం, సబ్‌టోటల్ మూడూ ఒకటే అంకె కావచ్చు. పరిమాణం 9 అయితే పన్ను శాతంతో కలిసిపోతుంది. విలువతో వెతికి చోటు పట్టుకోవడమంటే పెళ్లి పందిట్లో "తెల్ల చొక్కా ఆయన" అని కబురు పంపినట్టే. ఈ మధ్య బొమ్మ మొత్తం చూసి నేరుగా ఫీల్డులు ఇచ్చేసే మోడళ్లను చాలామంది వాడుతున్నారు. వాటిలో కొన్ని విలువ ఇస్తాయి గానీ చోటు చెప్పవు. దాంతో ఈ వెతుకులాట ఇంకా పెరిగింది.

మరి సరైన పద్ధతి ఏంటి? ఓసీఆర్ ఇచ్చిన ప్రతి పదానికీ ఒక గుర్తింపు నంబరు ఇవ్వాలి. పై అవుట్‌పుట్‌లో పేజీ, బ్లాకు, పేరా, వరుస, పదం అంకెలు కలిపితే అదే వచ్చేస్తుంది, 1-9-1-4-3 అని. తర్వాతి ప్రతి మెట్టూ, అది రూల్ అయినా మోడల్ అయినా, విలువ కాదు, పదం నంబరే ఎంచుకోవాలి. "ఎస్‌జీఎస్టీ అంటే 1-9-1-4-3" అని చెప్పాలి. విలువ ఏంటన్నది ఆ పదం దగ్గరికెళ్లి మనమే చదువుకుంటాం. మోడల్‌కి కూడా పదాల జాబితాను నంబర్లతో ఇచ్చి, జవాబుగా నంబరే అడగొచ్చు. జాబితాలో లేని నంబరు ఇస్తే అక్కడికక్కడే దొరికిపోతుంది. ఉన్నదే అయినా తప్పు నంబరు ఇవ్వొచ్చు, నిజమే. కానీ అప్పుడు విలువా, చోటూ రెండూ కలిసే తప్పుతాయి. బాక్స్‌లో ఉన్న అంకే స్క్రీన్ మీద కనబడుతుంది కాబట్టి చాలాసార్లు లెక్క తేలదు, చెక్ ఫెయిలవుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. విలువ ఒకచోటి నుంచి, చోటు ఇంకోచోటి నుంచి రావడమే అసలు ప్రమాదం.

దీనికి తోడు ఇంకో బాక్స్ కూడా దాచమంటాను. లేబుల్ బాక్స్. 3,285.00 ఎస్‌జీఎస్టీ అని దేన్ని చూసి అనుకున్నాం? వరుస మొదట్లో "SGST" అన్న పదం చూసి. దాని నంబరు 1-9-1-4-1. అది కూడా రికార్డులో ఉంటే స్క్రీన్ మీద రెండు బాక్సులూ వెలుగుతాయి, వాటి మధ్య గీత కనబడుతుంది. గీత ఏటవాలుగా పక్క వరుసకి వెళ్తే కన్ను వెంటనే పట్టేస్తుంది. కొంతమంది బాక్స్ బదులు ఆ కాస్త ముక్క కత్తిరించి బొమ్మగా దాస్తారు. చూడటానికి బాగుంటుంది, త్వరగా లోడవుతుంది. కానీ 3,825.00 అన్న ముక్క చూసి అది ఏ వరుసదో చెప్పగలరా? చుట్టూ ఏముందన్నదే అక్కడ ప్రశ్న, ఆ చుట్టూ ఉన్నదాన్నే కత్తెర పారేసింది. ముక్క కావాలంటే బాక్స్ నుంచి ఎప్పుడైనా కత్తిరించుకోవచ్చు.

ఓసీఆర్ ఇచ్చే నమ్మకం అంకె సంగతి కూడా ఇంతే. 96 అంటే ఆ అక్షరాలను బాగా చదివానని. అది ఏ వరుసదన్న దాని మీద ఆ 96 ఏమీ చెప్పదు.

ఇక బాక్స్ అంకెల సంగతికి వద్దాం. ఎక్కువ టీములు బోల్తా పడేది ఇక్కడే. పై అవుట్‌పుట్‌లో 2110, 2274 అన్నవి ఏ బొమ్మ మీది పిక్సెళ్లు? ఓసీఆర్‌కి ఇచ్చిన బొమ్మవి. ఓసీఆర్‌కి ఇచ్చేముందు దాన్ని మనం తిప్పాం, నిటారు చేశాం, సైజు మార్చాం. సప్లయర్ పంపినదీ, ఆడిటర్ తెరిచేదీ ఆ మార్చిన బొమ్మ కాదు, అసలుది.

మన బిల్లు అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, అంటే 300 డీపీఐలో, స్కాన్ చేసిన ఏ4 కాగితం అనుకుందాం. 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 ఎత్తు. స్కానర్ మీద కాస్త వంకరగా పెట్టడంతో 2.5 డిగ్రీలు వాలింది. ప్రోగ్రాము పేజీ మధ్యను పట్టుకుని తిప్పి నిటారు చేసింది. అంకెల కాలమ్ పేజీ మధ్య నుంచి కుడికి సుమారు 950 పిక్సెళ్ల దూరంలో ఉంది. 2.5 డిగ్రీల సైన్ 0.0436. గుణిస్తే 41 పిక్సెళ్లు. అంటే ఆ కాలమ్‌లో ప్రతి అంకే పైకో కిందికో 41 పిక్సెళ్లు జరిగింది. మన బిల్లులో ఒక వరుసకీ, కింది వరుసకీ మధ్య దూరం 42 పిక్సెళ్లు, అంటే 300 డీపీఐలో దగ్గరదగ్గర 10 పాయింట్లు. ఒక వరుస మొత్తం! నిటారు బొమ్మ మీది ఎస్‌జీఎస్టీ బాక్స్‌ని తిరిగి మార్చకుండా అసలు స్కాన్ మీద గీస్తే అది కాస్త కుడికి జరిగినా చక్కగా సీజీఎస్టీ అంకె మీదే కూర్చుంటుంది. ఖాళీ జాగాలో పడితే ఎవరైనా "ఇదేంటి" అంటారు. ఇంకో అంకె మీద పడితే ఎవరూ ఏమీ అనరు.

పైగా ఈ జరుగుడు పేజీ అంతా ఒకేలా ఉండదు. నడిమిలో దాదాపు ఏమీ ఉండదు, కుడి అంచున ఒకవైపు, ఎడమ అంచున దానికి ఎదురువైపు. టెస్ట్ చేసేవాళ్లు పేజీ నడిమిలో ఉన్న సరుకు పేరు మీద నొక్కి చూసి, "బాక్స్ బాగానే వస్తోంది" అని రిపోర్టు రాసేస్తారు. డబ్బు అంకెలేమో ఎప్పుడూ కుడి అంచునే ఉంటాయి.

మందు కష్టమైనదేమీ కాదు. బొమ్మ మీద చేసే ప్రతి మార్పుకీ 3×3 మాట్రిక్స్ ఒకటి ఉంటుంది. తిప్పినా, సైజు మార్చినా, అంచులు కోసినా, ఏటవాలు ఫొటోను చదును చేసినా సరే. అన్నిటినీ వరుసగా గుణించి, అసలు బొమ్మ నుంచి ఓసీఆర్ బొమ్మకి వెళ్లే ఒక్క M దగ్గర పెట్టుకోవాలి. బాక్స్ దొరికాక దాన్ని వెనక్కి నడిపించాలి.

```python
def to_original(M, x0, y0, x1, y1):
    p = np.array([[x0, x1, x1, x0],
                  [y0, y0, y1, y1],
                  [1, 1, 1, 1]], float)
    q = np.linalg.inv(M) @ p
    return (q[:2] / q[2]).T
```

నాలుగు మూలలూ వెనక్కి తేవాలి, ఎదురెదురు రెండు మూలలు తెస్తే చాలదు. నిటారు బొమ్మ మీద దీర్ఘచతురస్రంగా ఉన్నది అసలు బొమ్మ మీద వాలిన నాలుగు పలకల ఆకారం అవుతుంది. మన ఎస్‌జీఎస్టీ బాక్స్ వెనక్కి తెస్తే పై ఎడమ మూల 2086, 2311 దగ్గర, పై కుడి మూల 2254, 2319 దగ్గర తేలుతుంది. రెండింటి ఎత్తులో ఏడెనిమిది పిక్సెళ్ల తేడా, అదే కాగితం వాలు. ఇలా తెచ్చిన నాలుగు మూలలే రికార్డులోకి వెళ్లాలి. M ని కూడా దాచితే మంచిదే. కానీ ఓసీఆర్ బొమ్మ మీది బాక్స్, M రెండూ దాచేసి "కావాలంటే అప్పుడు లెక్కకడతాం" అనేవాళ్ల మాట నాకు నచ్చదు. ఆ "అప్పుడు" వచ్చేసరికి ప్రోగ్రాము మారిపోయి ఉంటుంది, గుణకారం వరుస ఎవరికీ గుర్తుండదు.

ఫోన్ ఫొటోలకి ఇంకో తిరకాసు ఉంది. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే దాచి, "చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు" అని ఫైలు లోపలే ఉండే ఎగ్జిఫ్ వివరాల్లో ఒక చీటీ రాసిపెడతాయి. ఆ చీటీని ఎవరు పాటిస్తారన్నదే గొడవ. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో `Image.open` అంటే తిప్పదు, `ImageOps.exif_transpose` అని మనమే చెప్పాలి. ఓపెన్‌సీవీలో `cv2.imread` తనంతట తనే తిప్పేస్తుంది. ఇప్పటి బ్రౌజర్లూ తిప్పే చూపిస్తాయి. చదివింది ఒకదానితో, చూపించేది ఇంకోదానితో అయితే బాక్సులన్నీ ఎగిరిపోతాయి. ఇది కనీసం చూడగానే తెలిసిపోయే తప్పు కాబట్టి దీని గురించి పెద్దగా భయం లేదు. ఏదో ఒక లెక్కకి కట్టుబడాలి, అంతే. మేము దాచేది తిప్పిన తర్వాత కంటికి కనబడే బొమ్మ మీది పిక్సెళ్లు. ఆ మాట రికార్డులో రాసి ఉంటుంది.

పీడీఎఫ్ అయితే కొలమానమే మారుతుంది. అక్కడ లెక్క అంగుళానికి 72 పాయింట్లు, సున్నా ఉండేది మామూలుగా కింది ఎడమ మూలలో. బొమ్మల్లో సున్నా పై ఎడమ మూలలో. పైకిందులు మారిన బాక్స్ కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చివరికి ఒక్కో విలువకి ఉండే రికార్డు ఇలా ఉంటుంది.

```json
{
  "field": "sgst_amount",
  "raw": "3,285.00",
  "value": "3285.00",
  "image_sha256": "9f2c...",
  "page": 1,
  "quad": [[2086,2311],[2254,2319],[2253,2355],[2085,2347]],
  "label_word": "1-9-1-4-1",
  "method": "read",
  "supersedes": null
}
```

`raw` అంటే కాగితం మీద చదివినది చదివినట్టు, కామాలతో సహా. `value` అంటే మనం వాడుకునే రూపం. రెండూ విడిగా ఉండాలి. తేదీల దగ్గర దీని అవసరం బాగా తెలుస్తుంది. 04/05/25 అని ఉంటే మే 4 అనుకున్నామా, ఏప్రిల్ 5 అనుకున్నామా అన్నది మన నిర్ణయం, కాగితం చెప్పింది కాదు. హాష్ అంటే అసలు ఫైలు బైట్ల వేలిముద్ర. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది సైజు తగ్గించి మళ్లీ కుదిస్తుంది. సప్లయర్ ఫోన్లో ఉన్న ఫొటో, మనకి చేరిన ఫొటో కంటికి ఒకటే గానీ పిక్సెళ్లు వేరు. మన అడ్రస్ మనకి చేరినదానికే చెల్లుతుంది. అందుకే ఆ ఫైల్‌ని ముట్టుకోకుండా ఉంచాలి, జాగా కోసమని తర్వాత మళ్లీ కుదించకూడదు.

లింకులన్నీ సరిగ్గా ఉన్నాయని ఎలా తెలుస్తుంది? మేము చేసే పరీక్ష మొరటుదే గానీ గట్టిది. రాత్రిపూట ఒక ప్రోగ్రాము ఆ రోజు రికార్డుల్లోంచి కొన్ని తీసి, అసలు ఫైలు తెరిచి, `quad` చుట్టూ కాస్త అంచు వదిలి కత్తిరించి, ఆ ముక్కను నిటారు చేసి మళ్లీ చదువుతుంది. వచ్చినది `raw` తో సరిపోవాలి. అంచు తప్పనిసరి, అక్షరాలకి ఆనించి కత్తిరిస్తే టెసెరాక్ట్ తడబడుతుంది. ఒక్క వరుసే ఉందని చెప్పడానికి `--psm 7` ఇవ్వాలి. సరిపోనివి వస్తే వాటి తీరు చూడాలి. ఒక పేజీలో ఒక్క విలువే తేడాగా వస్తే అక్కడ అక్షరం మసగ్గా ఉందన్నమాట. కుడి అంచువన్నీ తేడా వచ్చి నడిమివి బాగుంటే మాట్రిక్స్ ఎక్కడో జారింది. ఒకే ఫోన్ నుంచి వచ్చినవన్నీ తప్పితే ఎగ్జిఫ్. ఈ పరీక్ష విలువ సరైనదని చెప్పదు. బాక్స్ చూపించే చోట `raw` నిజంగా ఉందని మాత్రమే చెబుతుంది. మనకి ఇక్కడ కావాల్సింది అదే.

ఇక మనుషులు దిద్దేవి. మెషీన్ జాడలన్నీ పక్కాగా పెట్టుకుని ఇక్కడ చేతులెత్తేసేవాళ్లను చూశాను. ఆపరేటర్ 3,285 తీసేసి 3,825 కొట్టారు. ఎడిట్ లాగ్‌లో పేరు, టైము, పాత విలువ, కొత్త విలువ పడ్డాయి. బాగుంది. కానీ దేన్ని చూసి కొట్టారు?

"టోటల్ సరిపోవాలంటే అంతే రావాలి కదా సార్" అంటుంది ఆ అమ్మాయి.

"రావాలమ్మా. కానీ కాగితం మీద అలా లేదు కదా?"

"లేదు సార్. వాళ్లు తప్పు కొట్టారు."

ఆ అమ్మాయి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే ఆ నిజం రికార్డులో లేదు. కాగితాన్ని చూసి రాసిన విలువ వేరు, లెక్కగట్టి రాసిన విలువ వేరు, సప్లయర్‌కి ఫోన్ చేస్తే చెప్పిన విలువ వేరు. మూడూ ఒకే గడిలో ఒకేలా కనబడితే ఆడిటర్‌కి మూడూ ఒకటే. అందుకే దిద్దే స్క్రీన్‌లో ఇది ముందే అడగాలి. కాగితం చూసి దిద్దుతుంటే బొమ్మ మీద ఆ అంకె చుట్టూ మౌస్‌తో బాక్స్ గీయందే సేవ్ కాకూడదు. లెక్కగట్టి దిద్దుతుంటే ఏ విలువల నుంచి కట్టారో ఎంచుకోవాలి, అప్పుడు ఈ కొత్త విలువకి సొంత బాక్స్ ఉండదు, 50,150 బాక్స్, 42,500 బాక్స్, సీజీఎస్టీ 3,825 బాక్స్ దాని మూలాలుగా ఉంటాయి. పాత రికార్డు చెరగదు. కొత్త దాని `supersedes` లో పాత దాని నంబరు పడుతుంది. ముందు చెప్పిన ఆ లెక్కతో సరిదిద్దే ప్రోగ్రాము కూడా ఇదే రూల్‌కి కట్టుబడాలి. అదీ ఒక ఆపరేటరే.

దీనికి ఎదురుచెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు. బాక్స్ గీయడానికి సమయం పడుతుంది, రోజు మొత్తం మీద చూస్తే టార్గెట్ తగ్గుతుంది, మేనేజర్‌కి టెన్షన్. ఇంకో చిక్కు కూడా ఉంది. బాక్స్ గీయమని బలవంతం చేస్తే లెక్కగట్టినవాళ్లు కూడా ఏదో ఒకచోట గీసి పారేస్తారు. మన బిల్లులో పక్క వరుసలోనే 3,825 దొరుకుతుంది కూడా. అప్పుడు మనిషి చేత్తోనే తప్పుడు జాడ తయారవుతుంది. దీనికి నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే, "లెక్కగట్టాను" అన్న బటన్‌ని "చూసి రాశాను" కంటే తేలిగ్గా పెట్టడం. ఒక్క నొక్కుతో అయిపోవాలి. నిజం చెప్పడం కష్టంగా ఉంటే జనం తేలికైన అబద్ధమే చెబుతారు. గీసిన బాక్సుల్ని రాత్రి పరీక్షలో ఎలాగూ మళ్లీ చదువుతాం. అదే బాక్స్ రెండు ఫీల్డులకి కనబడితే ఆ బిల్లు పక్కకి వస్తుంది.

జాగా ఖర్చు అన్న వాదన మాత్రం నాకు నవ్వొస్తుంది. ఒక విలువకి ఎనిమిది అంకెలు, ఒక హాష్, కాసిని మాటలు. బిల్లుకి నలభై విలువలున్నా కొన్ని కిలోబైట్లు. పక్కనున్న బొమ్మే మెగాబైట్ దాటుతుంది.

ఇంకో సంగతి, ప్రతి విలువకీ చోటు ఉండదు. కరెన్సీ రూపాయలు అన్నది చాలా బిల్లుల్లో ఎక్కడా రాసి ఉండదు. రాష్ట్రం తెలంగాణ అని సప్లయర్ జీఎస్టీ నంబరులో, అంటే జీఎస్టీఐఎన్‌లో, మొదటి రెండు అంకెలు 36 అని చూసి తెలుసుకుంటాం. ఆంధ్రప్రదేశ్ అయితే 37. ఇలాంటి వాటికి పేజీ మొత్తాన్ని బాక్స్‌గా ఇచ్చేసే ప్రోగ్రాములున్నాయి, గడి ఖాళీగా ఉంచడం ఇష్టం లేక. రాష్ట్రానికి మూలం జీఎస్టీఐఎన్ బాక్స్. కరెన్సీకి మూలం లేదు, మనం అనుకున్నది. అలాగే రాయాలి.

జీఎస్టీ చట్టం ప్రకారం రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. 2024-25 లెక్కలకి ఆ గడువు 2025 డిసెంబర్ 31 అనుకుంటే, 2031 చివరిదాకా. అప్పటికి ఇప్పటి ఓసీఆర్ వెర్షన్ ఎక్కడా ఉండదు. ఇప్పటి ఆపరేటర్లూ ఉండరు. "మళ్లీ రన్ చేసి చూపిస్తాం" అంటే ఇంకో జవాబు వస్తుంది. ఫైలు హాష్, నాలుగు మూలలు ఉంటే మాత్రం మామూలు పెయింట్ ప్రోగ్రాములో తెరిచి అయినా వేలు పెట్టి చూపించవచ్చు.

మరి ఇప్పటికే జాడ లేకుండా పేరుకుపోయిన పాత రికార్డుల మాటేంటి అని అడిగితే, అన్నిటికీ వెతికి అతికించాలన్న ఉత్సాహం వద్దంటాను. బొమ్మను మళ్లీ చదివి, ఆ విలువ పేజీలో సరిగ్గా ఒక్కచోటే ఉండి, ఆ వరుసలో తగిన లేబుల్ కూడా ఉంటే బాక్స్ తగిలించి, `method` లో "తర్వాత వెతికినది" అని తెలిసేలా `backfilled` అని రాయవచ్చు. రెండుచోట్ల ఉన్నా, లేబుల్ కుదరకపోయినా ఖాళీగా వదిలేయాలి. జీఎస్టీ బిల్లుల్లో ఇన్వాయిస్ నంబరు, జీఎస్టీఐఎన్, మొత్తం లాంటివి ఇలా చాలావరకు దొరుకుతాయి. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ గడులు మాత్రం చాలా బిల్లుల్లో ఖాళీగానే మిగులుతాయి, వాటిని మనిషే కూర్చుని చూడాలి.